సుభద్ర రీల్‌కి 26 వేల వ్యూస్, పాత ఆధార్ కెరోసెల్‌కి నెలకి 44 సేవ్‌లు: దేనికి కూర్చోవాలి?

నమస్కారమండి. మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా ఆయన జనసేవా కేంద్రం నడుపుతారు. దాని ఇన్‌స్టాగ్రామ్ పేజీ నేను చూస్తాను, అన్నీ తెలుగులోనే పెడతాను. 2024 జూన్‌లో "పెళ్లయ్యాక ఆధార్‌లో అడ్రస్ 50 రూపాయలకే మార్చుకోండి" అని ఎనిమిది స్లైడ్ల కెరోసెల్ పెట్టాను. దానికి ఇప్పటిదాకా 21,000 రీచ్, 1,140 సేవ్‌లు, 620 షేర్లు. నెల కిందటి స్క్రీన్‌షాట్‌లో సేవ్‌లు 1,096. అంతకుముందు పెట్టిన పాన్-ఆధార్ లింకు గడువు కెరోసెల్‌కి 302 సేవ్‌లు, నెల కిందటా అంతే. మా మరిది "వదినా, పాతవి ఎవరు చూస్తారు, ట్రెండింగ్ పట్టుకో" అంటాడు. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బుల మీద అతను చేసిన రీల్‌కి రెండు రోజుల్లో 26,000 వ్యూస్ వచ్చి ఆగిపోయాయి. రీచ్ 19,000, సేవ్‌లు 40, షేర్లు 57, కొత్త ఫాలోవర్లు 9. మొన్న ఒకావిడ పాత కెరోసెల్ కింద కామెంట్ పెట్టింది: "మీరు 50 అన్నారు, నా దగ్గర 75 కట్టించారు." నాకు వారానికి దొరికేది ఆరు గంటలు. పాతదాన్నే బాగుచేయనా, తీసేసి కొత్తగా పెట్టనా, మరిది మాట విననా?
— ఒక వదిన, గజపతి జిల్లా

అమ్మా, 26,000 అనే అంకెని ముందు పక్కన పెట్టండి. అది వ్యూస్ లెక్క, ఒకే మనిషి మూడుసార్లు చూస్తే మూడు పడుతుంది. కెరోసెల్‌కి మీరు చెప్పిన 21,000 రీచ్, అంటే మనుషుల లెక్క. రెండింటికీ రీచే తీసుకుని, వెయ్యిమందికి ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అని చూడాలి. మీ కెరోసెల్‌కి వెయ్యికి 54 సేవ్‌లు, దాదాపు 30 షేర్లు. రీల్‌కి వెయ్యికి 2 సేవ్‌లు, 3 షేర్లు. ఒకటి ఏడాదిన్నర దాటిన పోస్టు, ఇంకొకటి మొన్నటిది కదా అనిపించవచ్చు. వెయ్యికి ఇంత అని చూస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.

షేర్ల మీద ప్రత్యేకంగా కన్నేయడానికి కారణం ఉంది. పోస్టు ఎంతదూరం పోవాలో తేల్చడంలో చూసిన సమయం, లైకులు, పంపకాలు ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పాడు. మనల్ని ఫాలో అవనివాళ్ల దగ్గరికి చేరడానికి పంపకాల బరువు ఎక్కువని కూడా అన్నాడు. మీకు కావలసింది ఆ ఫాలో అవనివాళ్లే. పర్లాకిమిడి పిల్ల బోర్డర్ దాటి ఆంధ్రాలో పాతపట్నం కోడలైంది, ఆధార్ ఇంకా పుట్టింటి అడ్రస్‌తోనే ఉంది. వాళ్లమ్మ మీ పోస్టు చూసి కూతురికి పంపుతుంది. కూతురు మీ పేజీ పేరైనా వినలేదు. మీ కెరోసెల్‌ని ఇంతకాలం బతికించింది ఈ తల్లులే.

కానీ మొత్తం సేవ్‌లు చూసి ఏ పాత పోస్టు మీదా పని మొదలుపెట్టకండి. ఇన్‌సైట్స్‌లో పోస్టుకి పుట్టినప్పటినుంచి ఇప్పటిదాకా మొత్తమే కనిపిస్తుంది, ఈ నెలలో ఎన్ని అన్నది కనిపించదు. మీరు స్క్రీన్‌షాట్ ఉంచుకోవడం మంచిదైంది. 1,140లోంచి 1,096 తీస్తే 44. ఏ ప్రచారమూ లేకుండా, తప్పు రేటుతో ఉన్నా, నెలకి 44 మంది దాచుకుంటున్నారంటే అది బతికున్న పోస్టే. పాన్ లింకు కెరోసెల్‌కి 302 ఉన్నా నెలలో ఒక్కటి కూడా కదల్లేదు. 2023 జూన్ 30 గడువు దాటాక ఆ పోస్టుకి ఇక పని లేదు, దాన్ని ఎంత అందంగా మళ్లీ గీసినా అడిగేవాళ్లు లేరు. అది అప్పుడు ట్రెండింగే, కెరోసెల్ రూపంలో ఉంది కాబట్టి ఎప్పటికీ పనికొచ్చేదని అనుకున్నాం. దాన్ని ఆర్కైవ్ చేసేయండి.

ఇలా పాతవన్నీ చూడాలంటే ఒక కాగితం చాలు. ఈరోజు తేదీ వేసి పది పాత పోస్టుల సేవ్‌లు, షేర్లు, రీచ్ రాసుకోండి. పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ రాసి తేడా తీయండి. మీ పేజీ సైజుకి రెండు వారాల్లో పది సేవ్‌లకి పైగా కదిలినదాని మీద గంటలు పెట్టవచ్చని నా అంచనా. ఒకటో రెండో కదిలితే క్యాప్షన్ సరిచేసి వదిలేయాలి, సున్నా అయితే ముట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు ఆ 75 రూపాయల సంగతి. కామెంట్ పెట్టినావిడ మాట నిజమే. 2025 అక్టోబర్ 1 నుంచి ఆధార్‌లో అడ్రస్ లాంటి వివరాల మార్పుకి ఫీజు 50 నుంచి 75 అయింది, వేలిముద్రలు, ఫొటో మార్పుకి 100 నుంచి 125 అయింది. మీరు పోస్టు పెట్టినప్పుడు 50 సరైనదే, ఆమెకి ఆ మాట చెప్పి క్షమాపణ అడగండి. ఇక్కడ మీకు అడ్డుపడేది ఇన్‌స్టాగ్రామ్ నియమం. పోస్ట్ చేసేసిన కెరోసెల్‌లో స్లైడ్ బొమ్మ మార్చడం కుదరదు. క్యాప్షన్, ఆల్ట్ టెక్స్ట్, లొకేషన్, ట్యాగులు మార్చవచ్చు. మూడు చుక్కలు నొక్కి `Edit`లోకి వెళ్లి, వద్దనుకున్న స్లైడ్ దాకా జరిపి చెత్తబుట్ట గుర్తు నొక్కితే ఆ ఒక్క స్లైడ్ పోతుంది. పొరపాటున వేరేది తీసేస్తే 30 రోజులపాటు `Recently deleted`లో ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. తీసిన చోట కొత్త బొమ్మ మాత్రం పెట్టలేరు.

రేటు లోపలి స్లైడ్‌లో మాత్రమే ఉండి ఉంటే ఆ స్లైడ్ తీసేసి, క్యాప్షన్‌లో 75 అని రాస్తే పావుగంటలో పని అయిపోయేది. మీరు దాన్ని మొదటి స్లైడ్‌లో, అంటే పోస్టు ముఖం మీదే "50 రూపాయలకే" అని రాశారు. అందువల్ల మూడు దారులు మిగిలాయి.

మొదటిది, పాతదాన్ని అలాగే ఉంచి క్యాప్షన్ మొదటి వాక్యంలో సవరణ రాయడం. `more` నొక్కకుండా కనిపించేది ఒకటి రెండు లైన్లే, కాబట్టి అది అక్కడే ఉండాలి. సేవ్‌లు పోవు, ఖర్చు పావుగంట. కానీ ముఖం మీది 50 చూసి క్యాప్షన్ చదవకుండా పోయేవాళ్లు ఉంటారు, ఆ కామెంట్లు వస్తూనే ఉంటాయి. రెండోది, డిలీట్ చేసి కొత్తది పెట్టడం. అలా చేస్తే 1,140 మంది దాచుకున్నచోట అది మాయమవుతుంది. వాళ్లలో రేపో మాపో కూతురి పెళ్లయ్యాక తీసి చూద్దామనుకున్నవాళ్లు ఉన్నారు, కొత్తది పెట్టారని వాళ్లకి ఎవరూ చెప్పరు. ఆర్కైవ్ చేసినా బయటివాళ్లకి కనిపించదు, కాకపోతే లైకులు, కామెంట్లతో సహా ఎప్పుడైనా తిరిగి తేవచ్చు. మూడోది, పాతదానికి ఈరోజే క్యాప్షన్ సవరణ చేసి, కొత్తది వేరే పోస్టుగా పెట్టి, నెలరోజులు రెండూ నడిపి, ఆ తర్వాత పాతదాన్ని ఆర్కైవ్ చేయడం. ఇందులో కష్టం ఎక్కువ, దాదాపు ఒక వారం గంటలన్నీ పోతాయి. నెలకి 44 కదులుతున్న పోస్టుకి ఆ ఖర్చు తగునని నాకనిపిస్తుంది. ఇల్లు, కొట్టు చూసుకోగా ఈ నెలలో ఆ ఆరు గంటలూ దొరకవనుకుంటే మొదటి దారి తప్పేం కాదు, ఏమీ చేయకుండా వదిలేయడం మాత్రం తప్పు.

మూడో దారి ఎంచుకుంటే, 50ని 75 చేసి పాత బొమ్మలే మళ్లీ పెట్టకండి. రేటు తేడా 25 రూపాయలు. అంతకంటే పెద్ద నష్టం ఎక్కడ జరుగుతోందో కొట్టుకి వచ్చినవాళ్ల మాటల్లోనూ, మీ మెసేజ్‌లలోనూ వెతకండి. "రిజెక్ట్ అయింది", "ఏం రాలేదు", "వేరే ఊరి అడ్రస్ పడింది" అన్నవి విడిగా రాసుకోండి. ఈ పనిలో జనం చిక్కుకునే చోట్లు రెండు.

ఒకటి, ఒప్పుదల. కొత్త కోడలి పేరుతో అత్తవారింటి అడ్రస్ కాగితం ఏదీ ఉండదు, అందుకే `Head of Family (HoF)` దారిలో భర్త ఆధార్ ఆధారంగా మార్చుతారు. పెళ్లి సర్టిఫికెట్ లాంటి బంధుత్వ కాగితం పెట్టి, ఫీజు కట్టి, అర్జీ వేయడంతో పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పుడు భర్త ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. అతను 30 రోజుల్లోగా మైఆధార్‌లో తన ఓటీపీతో లాగిన్ అయి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అర్జీ మూసుకుపోతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. భర్త ఆధార్‌కి మొబైల్ నంబర్ లేకపోయినా, ఎప్పుడో వదిలేసిన నంబర్ ఉన్నా ఇక్కడే ఆగిపోతుంది.

రెండోది, భర్త ఆధార్‌లో ఏ అడ్రస్ ఉంటే భార్యకీ అదే వస్తుంది. అతను సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో పనిచేస్తూ అక్కడి అడ్రస్‌కి మార్చుకుని ఉంటే, పాతపట్నంలో కాపురం ఉన్న పిల్లకి సూరత్ అడ్రస్ పడుతుంది. మన ప్రాంతంలో వలస ఎంత ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. "ముందు మీ ఆయన ఆధార్ తీసి అడ్రస్ చూడండి" అన్న ఒక్క వాక్యం మీ పాత కెరోసెల్‌లో లేకపోతే, కొత్తది చేయడానికి రేటు కన్నా అదే పెద్ద కారణం.

కాబట్టి ముఖం మీద అంకె వద్దు. "పెళ్లయి బోర్డర్ దాటారా? ఆధార్ అడ్రస్ మార్చేముందు మీ ఆయన కార్డు చూడండి" లాంటిది పెట్టండి. రెండో స్లైడ్‌ని కూడా ఇంకో ముఖంలాగే రాయాలి. మొదటిది చూసి జరపకుండా పోయినవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ తర్వాతెప్పుడో అదే పోస్టుని రెండో స్లైడ్‌తో మళ్లీ చూపిస్తుంది. చాలామంది అక్కడ "హాయ్, ఈరోజు మనం..." అని పెట్టి ఆ రెండో అవకాశాన్ని పాడుచేసుకుంటారు. 30 రోజుల ఒప్పుదల సంగతి అక్కడ పెట్టండి, చదవగానే ఒళ్లు ఝల్లుమనే విషయం అది. మూడు నుంచి ఆరు దాకా మెట్లు, ఒక్కో స్లైడ్‌కి ఒక్క మెట్టు, ఒక్క స్క్రీన్ బొమ్మ. బొమ్మలో ఎవరి ఆధార్ నంబర్, పేరు, క్యూఆర్ కనిపించినా పూర్తిగా మూసేయండి. సగం మసక చేస్తే చదివేస్తారు. ఏడోది కాగితాలు. ఫీజుకి స్లైడే వద్దు, "నేటి ఫీజు కింద క్యాప్షన్‌లో" అని ఏడో స్లైడ్ అడుగున ఒక లైను చాలు. మారేదంతా క్యాప్షన్‌లో ఉంటే, ఈసారి రేటు పెరిగిన రోజు మీకు రెండు నిమిషాల పని.

సైజు గురించి ఒక మాట. గ్రిడ్‌లో ఇప్పుడు బొమ్మలు 3:4గా కనిపిస్తున్నాయి. 1080×1350లో చేస్తే రెండు పక్కలా ముప్పై నాలుగేసి పిక్సెళ్లు గ్రిడ్‌లో కోసుకుపోతాయి, అంచుకి ఆనించిన అక్షరం సగం తెగుతుంది. 1080×1440లో చేయండి, లేదా పక్కలకి 60 పిక్సెళ్లు ఖాళీ వదలండి. మొదటి స్లైడ్ ఏ కొలతో మిగతావీ అదే కొలతలోకి కత్తిరించుకుపోతాయి కాబట్టి అన్నీ ఒక్కలాగే చేసుకోవాలి. అక్షరాలు 44 పిక్సెళ్లకి తగ్గితే ఫోన్‌లో కళ్లు చికిలించాలి. తెలుగులో వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి పెట్టినంత చాలదు, "స్త్రీ", "దృష్ట్యా" లాంటి మాటల్లో కింది వత్తు తర్వాతి వరస గుడికి తగులుతుంది. ఒకటిన్నర రెట్లు పెట్టండి. ఇంకో సంగతి మీకే బాగా తెలుసు: అక్కడ ఒడియా మీడియంలో చదివిన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవడం నెమ్మది. స్లైడ్‌కి ఆరేడు వరసలు దాటితే వాళ్లు జారుకుంటారు.

పెట్టాక రెండు రోజులకే రీల్‌తో పోల్చి దిగులుపడకండి. ఏడో రోజున, ముప్పయ్యో రోజున వెయ్యికి సేవ్‌లు, షేర్లు చూడండి. నెల తిరిగేసరికి పాతదాని 54లో సగమైనా రాకపోతే లోపలి విషయం కన్నా ముఖాన్ని అనుమానించాలి. అప్పుడు పాతదాన్ని ఆర్కైవ్ చేయకండి. సేవ్‌లు బాగానే ఉండి రీచ్ మాత్రమే తక్కువైతే, కొత్తదాన్ని పేజీ పైన పిన్ చేయండి, మూడు పోస్టుల దాకా పిన్ చేసుకోవచ్చు. కొట్టులో అడిగేవాళ్లకి మీ ఆయన వాట్సాప్‌లో దాని లింకే పంపితే ఇంకా మంచిది.

మరిది మాటకి వద్దాం. అతను పూర్తిగా తప్పు చెప్పలేదు, ట్రెండింగ్ అంటే ఒకటే అనుకుంటున్నాడంతే. సుభద్ర డబ్బులు అకస్మాత్తుగా ఊడిపడే వార్త కాదు. ఆ పథకం లెక్క ప్రకారం ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతల్లో, ఒకటి రాఖీ పున్నమికి, ఇంకొకటి మార్చి 8కి. తేదీ ముందే తెలిసినదాని వెంట పరుగెందుకు? విడతకి మూడు వారాల ముందే "మీ ఖాతా ఆధార్‌కి ముడిపడిందా" అని మైఆధార్‌లో `Bank Seeding Status` చూసుకునే పద్ధతి ఒక కెరోసెల్‌గా చేసి ఉంచితే, ఏడాదికి రెండుసార్లు దానికి కొత్త ప్రాణం వస్తుంది. ఆ వారం మరిది రీల్ చేయనివ్వండి. "డబ్బులు ఎప్పుడు" అని ఊరించి వదిలేయకుండా, చివర "ముందు ఇది చూసుకోండి" అని ఆ కెరోసెల్ వైపు చూపించమనండి. 19,000 మందిలో 9 మందే ఆగారంటే, వచ్చినవాళ్లకి మీ దగ్గర చూడటానికి ఇంకేమీ కనిపించలేదన్నమాట.

ట్రెండింగ్‌లో ఇంకోరకం, మీ పాత పోస్టుని తాకే నియమం మారడం. 2025 అక్టోబర్‌లో ఫీజు మారింది అలాంటిదే. అది మాత్రం ఆరోజే చేయాలి. ఆ రోజు మీరు ఒక్క స్టోరీ పెట్టి, పాత క్యాప్షన్ మార్చి ఉంటే ఇప్పుడీ కామెంటే ఉండేది కాదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆధార్ కాగితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా అప్‌లోడ్ చేసే గడువు 2023 జూన్ 14 నుంచి జరుగుతూ జరుగుతూ 2026 జూన్ 14 దాకా వచ్చింది. జరిగిన ప్రతిసారీ "ఆధార్ అప్‌డేట్ ఫ్రీ, త్వరపడండి" అని రీళ్లు గుప్పుమన్నాయి. ఉచితమన్నది పాత వివరాలకి కాగితాలు జతచేయడానికే, అడ్రస్ మార్పుకి కాదు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు "ఫ్రీ ఏది, 75 ఏది" అని నాలుగు స్లైడ్లు పెట్టినా చాలు, అందరూ అరుస్తున్నప్పుడు తేడా చెప్పినది మీ పేజీయే అవుతుంది.

పాటల ట్రెండ్లు, డైలాగుల ట్రెండ్ల జోలికి మాత్రం మీ ఆరు గంటల్లోంచి ఒక్క నిమిషం ఇవ్వకండి. మరిదికి సరదా ఉంటే తన సొంత పేజీలో చేసుకోమనండి.

గంటల సంగతి: ఈ వారం ఆరు గంటలూ కొత్త కెరోసెల్‌కే. తర్వాతి వారాల్లో నాలుగు గంటలు ఒక బతికున్న పాతదానికో, రాబోయే తేదీ ఉన్నదానికో పెట్టి, రెండు గంటలు అనుకోకుండా వచ్చే నియమాల మార్పుకి ఖాళీగా ఉంచుకోండి. ఏ వార్తా రాని వారం ఆ రెండు గంటల్లో మెసేజ్‌లకి జవాబులివ్వండి, తర్వాతి కెరోసెల్ వాటిలోంచే వస్తుంది.

ఈ రాత్రి పడుకునేముందు పాతదాని క్యాప్షన్ మొదట్లో ఇది అతికించి, కింద అదే వాక్యాన్ని కామెంట్‌గా పెట్టి పిన్ చేయండి: "సవరణ: 2025 అక్టోబర్ 1 నుంచి ఫీజు 75 రూపాయలు. మీ ఆయన ఆధార్ ఆధారంగా అర్జీ వేస్తే, ఆయన 30 రోజుల్లో మైఆధార్‌లో ఒప్పుకోవాలి."